లిమిటు తేలకముందే సంతకం: ఎంఫసిస్ ఆఫ్ మేటర్ పేరా చాలుతుందా?

ఆర్టికల్_భీమవరం: రొయ్యల ప్రాసెసింగ్ కంపెనీ ఆడిట్ చేస్తున్నాం. 2025 మార్చి 31 లెక్కలకు ఈ నెలాఖరులో సంతకం. ఏడాదిలోపు తీర్చవలసినవి చేతికి వచ్చేవాటి కంటే 3 కోట్లు ఎక్కువ. 12 కోట్ల బ్యాంకు లిమిటు అక్టోబరుతో ముగుస్తుంది, పునరుద్ధరణ పత్రం రాలేదు. ఆగస్టులో అమెరికా సుంకం 50 శాతమయ్యాక ఆర్డర్లు ఆగాయి. నోటులో ఇవన్నీ రాశారు. రిపోర్టులో ఆ నోటు వైపు చూడమని చెప్పే ఎంఫసిస్ ఆఫ్ మేటర్ పేరా పెడితే సరిపోతుందా?

పాలకొల్లు_పద్దు: నిక్షేపంగా. నేను ఎన్ని కంపెనీలకు అలా రాశానో లెక్కలేదు.

గట్టుమీద: రాసి ఉంటారు, పాత రోజుల్లో. 2017 ఏప్రిల్ 1 నుంచి మొదలైన సంవత్సరాలకు సవరించిన ఆడిట్ ప్రమాణం ఎస్‌ఏ 570 వచ్చింది. కంపెనీ ఇకముందు నడవగలదా అన్న గోయింగ్ కన్సర్న్‌పై పెద్ద అనిశ్చితి, అంటే మెటీరియల్ అన్‌సర్టెనిటీ ఉండి, నోటు సరిగ్గా ఉంటే అభిప్రాయం మారదు. కానీ ఆ విషయాన్ని దాని పేరుతోనే విడి శీర్షిక కింద చెప్పాలి. నోటులో చెప్పకుండా దాచితే అభిప్రాయమే మినహాయింపుతో కూడిన క్వాలిఫైడ్ లేదా పూర్తిగా ప్రతికూలమైన అడ్వర్స్ అవుతుంది.

పాలకొల్లు_పద్దు: శీర్షిక మారితే ఏమొస్తుంది? మాటలు అవే కదా.

చెరువు_రైతు: ఒక కంపెనీ ఆడిట్ రిపోర్టును మా అబ్బాయి రుసుము కట్టి తీయించాడు. ఎక్కడా మచ్చ లేదు. ఆ నమ్మకంతో సరుకిచ్చాను. 14 లక్షలు ఇంకా రాలేదు. మేత అప్పుకు వడ్డీ నేను కడుతున్నాను. మీకు శీర్షికల గొడవ!

గట్టుమీద: రైతుగారి మాట ఇక్కడికే వస్తుంది. తమ్ముడూ, అసలు అనిశ్చితి మిగిలిందో లేదో ముందు తేల్చు. 2026 మార్చి వరకు నెలవారీ నగదు అంచనా అడుగు. అందులో లిమిటు తీసేసి చూడు, ఏ నెలలో డబ్బు ఆగిపోతుందో. నేనున్నానని డైరెక్టరు ఉత్తరం ఇచ్చాడా?

ఆర్టికల్_భీమవరం: ఇచ్చారండి. తన చెరువులు అమ్మి అయినా పెడతానని.

గట్టుమీద: ఆ చెరువులు ఎవరి తాకట్టులో ఉన్నాయి?

ఆర్టికల్_భీమవరం: అదే బ్యాంకులో.

గట్టుమీద: అయితే ఆ ఉత్తరం వల్ల కొత్తగా రూపాయి రాదు.

పాలకొల్లు_పద్దు: మీరు చెప్పిన శీర్షిక చూస్తే బ్యాంకు లిమిటు ఆపేస్తుంది. బతికే కంపెనీని ఆడిటరే చంపినట్టు. తలలు వలిచే ఆడవాళ్లకు కూలి ఎవరిస్తారు? ఎంఫసిస్ అయితే ఎవరూ కంగారుపడరనే నేను అంటున్నది!

గట్టుమీద: ఇప్పుడు అసలు మాట బయటపడింది. కంగారుపడకూడదనే ఆ పేరా కావాలి మీకు. బ్యాంకుకు తన లిమిటు సంగతి మన రిపోర్టు చూసే తెలుస్తుందా? తెలియనిది రైతుకు.

పాలకొల్లు_పద్దు: ఊళ్లో పని చేసుకునేవాడి బాధ మీకు తెలియదు.

ఆర్టికల్_భీమవరం: అయితే ఎంఫసిస్ ఇక్కడ ఎప్పటికీ అక్కర్లేదా?

గట్టుమీద: మూసేయాలని నిర్ణయించి, ఆస్తులు అమ్ముకునే లెక్కన ఖాతాలు వేసి, నోటులో అలా చెబితే, అప్పుడు దాన్ని వాడవచ్చు. మూసేస్తూ కూడా మామూలు లెక్కనే వేస్తే, నోటు ఎంత బాగున్నా అడ్వర్సే. సంతకం లోపు పునరుద్ధరణ పత్రం వస్తే అంచనా మళ్లీ వేయి, ఆర్డర్లు లేని లిమిటు ఎన్నాళ్లు నిలుస్తుందో చూడు.

ఆర్టికల్_భీమవరం: మేనేజరు "చూస్తున్నాం" అన్నారు. రాతపూర్వకంగా అడిగితే ఫోను పెట్టేశారు.

చెరువు_రైతు: ఆ కంపెనీ పేరు చెప్పగలరా? వచ్చే వారం నా చెరువు పట్టుబడి ఉంది.