మొబైల్ బడ్జెట్ తగ్గించాలా? ఫోన్, కంప్యూటర్ లెక్కల్లో తేడా వస్తోంది

లావణ్య: గూగుల్ యాడ్స్‌లో ఒక సెర్చ్ క్యాంపెయిన్ నడుపుతున్నాను, జనం ఫారం నింపితే అది నాకు ఒక లీడ్. నాలుగు వారాల ఖర్చు మొత్తాన్ని 100 భాగాలు అనుకుంటే ఫోన్లకు 70 పోయింది, 1200 క్లిక్‌లు, 24 లీడ్లు. కంప్యూటర్లకు 30, 400 క్లిక్‌లు, 16 లీడ్లు. అంటే ఫోన్‌లో లీడ్ ఒకటిన్నర రెట్లు ఖరీదు. పైగా రాత్రి 11 నుంచి తెల్లవారు 5 దాకా సెర్చ్‌లో 60 క్లిక్‌లు వచ్చి ఒక్క లీడ్ కూడా లేదు. ఫోన్ తగ్గించి, రాత్రి ఆపేసి, ఆ డబ్బు కంప్యూటర్‌కు మార్చేద్దామనుకుంటున్నా. సరేనా?

కిరణ్: ఇందులో ఆలోచించేదేముంది, డివైస్ సెట్టింగ్‌లో మొబైల్‌కి -50% పెట్టండి, రెండు వారాల్లో తేడా మీకే కనిపిస్తుంది. నేనెప్పుడూ అదే చేస్తా.

రఘు: కిరణ్ గారూ, బిడ్, అంటే ఒక్కో క్లిక్‌కి ఇస్తామనే రేటు, మనమే చేత్తో పెట్టుకునేటప్పుడు అది పనిచేస్తుంది. లావణ్య గారు బిడ్లని గూగులే వేసే Maximize conversions వాడుతుంటే మాత్రం ఆ -50% ని సిస్టం అసలు లెక్కలోకి తీసుకోదు, -100% పెట్టి పూర్తిగా ఆపేస్తేనే వింటుంది. ఏ బిడ్డింగో చెప్పండి లావణ్య గారూ. ఇంకోటి, ఆ 1200 క్లిక్‌లు అన్నీ సెర్చ్‌వేనా? రిపోర్ట్‌లో డివైస్ పక్కనే నెట్‌వర్క్ కూడా పెట్టి చూడండి, ఒక్క డివైస్ చూసి నిర్ణయం తీసుకోకండి.

లావణ్య: Maximize conversions ఏనండి. మీరన్నట్టు పెట్టి చూశాను, ఫోన్ క్లిక్‌లలో 500 డిస్‌ప్లే నెట్‌వర్క్‌వి, అంటే సెర్చ్‌లో కాకుండా వేరే సైట్లలో, యాప్‌లలో కనిపించిన యాడ్‌వి! వాటికి 16 భాగాలు ఖర్చయితే వచ్చింది ఒక్క లీడ్. నేను పెట్టినట్టే గుర్తులేదు.

రఘు: క్యాంపెయిన్ చేసేటప్పుడు Networks దగ్గర Display Network టిక్ తీయకుండా వదిలేసి ఉంటారు, చాలామందికి జరిగేదే. ఇప్పుడు లెక్క మళ్లీ వేయండి. సెర్చ్ ఫోన్ ఒక్కటే చూస్తే 54 భాగాలకు 23 లీడ్లు, లీడ్‌కి 2.35. కంప్యూటర్‌కి 1.88. డిస్‌ప్లేలో 16. ఫోన్ మీద పడ్డ నిందలో ఎక్కువ భాగం నిజానికి యాడ్ కనిపించిన చోటుది. ఆ టిక్ తీసేయండి, ఫోన్‌ని ముట్టుకోకండి. మిగిలిన తేడా 25 శాతం, కానీ 23, 16 లాంటి చిన్న అంకెల్లో నాలుగైదు లీడ్లు అటూ ఇటూ అయితే అది మాయమైపోతుంది. తీసేసిన డబ్బు సెర్చ్‌కి అవసరమా లేదా అన్నది `Search lost IS (budget)` కాలమ్‌లో తెలుస్తుంది, బడ్జెట్ చాలక మీ యాడ్ సెర్చ్‌లో ఎంత శాతం సార్లు కనిపించకుండా పోయిందో అది చూపిస్తుంది. అది సున్నా దగ్గరుంటే బడ్జెట్ చాలకపోవడం అనే సమస్యే లేదు, ఆ డబ్బు అక్కడ పెట్టినా కొత్తగా వచ్చేది పెద్దగా ఉండదు.

పద్మ: మాకూ ఫోన్‌లో లీడ్లు తక్కువొచ్చేవి. నేనే ఫోన్‌లో ఫారం నింపి చూస్తే, కీబోర్డ్ పైకి రాగానే కింద సబ్మిట్ బటన్ దాని వెనక్కి పోతోంది! బటన్ పైకి జరిపించాక చాలా బాగుపడింది. బిడ్లు మార్చేముందు ముందు మీ పేజీ చూసుకోండి.

లావణ్య: పద్మ గారూ, నేనడిగింది బడ్జెట్ గురించే కానీ ఇది ఇవాళే చూస్తాను. మరి రాత్రి సంగతి?

రఘు: మీ ఫోన్ సెర్చ్‌లో దాదాపు 3.3 శాతం క్లిక్‌లు లీడ్లవుతున్నాయి. ఆ లెక్కన 60 క్లిక్‌లకి రెండు రావాలి. రెండు రావాల్సిన చోట సున్నా రావడం ఏడెనిమిది సార్లకి ఒకసారి ఊరికే జరుగుతుంది, దాని మీద గంటలు కొట్టేయలేం. కనీసం మూడు రావాల్సినన్ని, అంటే 90, 100 క్లిక్‌లు అయ్యేదాకా ఆగండి, అప్పటికీ సున్నా అయితే అనుమానించొచ్చు. ఒక జాగ్రత్త, మామూలు Conversions కాలమ్ లీడ్‌ని క్లిక్ పడిన గంటకే రాస్తుంది, ఫారం నింపిన గంటకు కాదు. అందుకే నిన్నమొన్నటి క్లిక్‌లకి లీడ్లు ఇంకా వస్తూ ఉండొచ్చు, చివరి వారం వదిలేసి చూడండి. గంటలు కూడా అకౌంట్ టైమ్ జోన్‌లోనే ఉంటాయి.

కిరణ్: నాకు -50% సంగతి ఇప్పుడే తెలిసింది, నా క్యాంపెయిన్‌లన్నీ ఒకసారి చూసుకోవాలి. కానీ లావణ్య గారూ, మీ యాడ్‌లో కాల్ బటన్ ఉందా? ఫోన్ చేసేవాళ్లు మీ లెక్కలోకి వస్తున్నారా?

లావణ్య: ఉందండి. కాల్స్ ఎక్కడా లెక్కవేయట్లేదు, రోజూ కొన్ని వస్తుంటాయి, అవి యాడ్ చూసి చేసినవో కావో తెలీదు.

రఘు: అయితే ఆ 2.35 కూడా నమ్మకండి. కాల్స్‌ని కన్వర్షన్‌గా పెట్టి నాలుగు వారాలు నడిపాక మళ్లీ ఇక్కడే అంకెలు పెట్టండి. ఎన్ని సెకన్ల కాల్‌ని లీడ్ అనాలో మాత్రం మీ పనిని బట్టి మీరే తేల్చుకోవాలి, నేను చెప్పలేను.