అప్‌డేట్: 14 స్లైడ్‌లు ఒక్క పేజీలో పట్టాయి

నా ప్రశ్న: "హై బీపీ మీద 14 స్లైడ్‌ల టేబుళ్లు, చార్ట్‌లు ఉన్నాయి. ఒక్క పేజీ ఇన్ఫోగ్రాఫిక్ చేయాలి. ఎంత కుదించినా అక్షరాలు కనబడటం లేదు."

అసైన్‌మెంట్ ఇచ్చేశాను. సాయం చేసినవాళ్లందరికీ థాంక్స్. పని చేసింది "కుదించకు, తీసెయ్" అన్న సలహానే. ముందు చెప్పాల్సింది ఒక్క వాక్యంగా రాసుకున్నాను: హై బీపీ ఉన్నా చాలామందికి ఆ సంగతే తెలియదు. దానికి పనికిరాని 11 స్లైడ్‌లు పక్కన పెట్టేశాను. కాస్త ప్రాణం ఉసూరుమంది, నిజమే.

మిగిలిన మూడు చార్ట్‌ల బదులు వంద మనిషి బొమ్మలు పెట్టాను, వరుసకు పది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో ఇచ్చిన లెక్కల ప్రకారం, బీపీ ఉన్న వందమందిలో 46 మందికి అది తెలియదు, 42 మంది చికిత్సలో ఉన్నారు, 21 మందికే అదుపులో ఉంది. ఈ 21 మంది ఆ 42లోని వాళ్లే. మొదట వాళ్లను విడిగా లెక్కేస్తే మొత్తం 109 అయింది, తప్పు అలా దొరికింది. అందుకే 42 బొమ్మలకు ఒకే రంగు వేసి, అందులో 21ని ముదురు చేశాను. మిగిలిన 12 మంది తెలిసీ చికిత్స తీసుకోనివాళ్లు. మొత్తం పెద్దవాళ్లలో బీపీ ఎందరికి ఉందన్న చార్ట్ ఇందులో కలపకూడదు, అక్కడ వంద అంటే వేరే వందమంది.

కొత్త సాఫ్ట్‌వేర్ అక్కర్లేకపోయింది. పవర్‌పాయింట్‌లోనే స్లైడ్ సైజ్ 21 × 29.7 సెం.మీ. పెట్టాను. ఇమేజ్‌గా సేవ్ చేస్తే ప్రింట్ మసకగా వచ్చింది, పీడీఎఫ్ శుభ్రంగా వచ్చింది. రంగుల గురించి నేను పడ్డ టెన్షన్ అంతా దండగ.