అప్‌డేట్: సైకిలు గోడకెక్కింది

నా ప్రశ్న: "రెండు గదుల ఫ్లాటులో 15 కిలోల సైకిలును గోడకు నిలువుగా వేలాడదీయాలి. ఏ కొక్కెం వాడాలి? గోడ తట్టుకుంటుందా?"

మొదటి ప్రయత్నం విఫలమైంది. హాలు గోడకు రంధ్రం చేస్తుంటే డ్రిల్లు వెన్నలోకి దిగినట్టు దిగింది, తెల్లటి మెత్తని పొడి రాలింది. అది తేలికపాటి ఏఏసీ దిమ్మెల గోడ అని అప్పుడే గ్రహించాల్సింది. మామూలు ప్లాస్టిక్ ప్లగ్గులు వేసి కొక్కెం బిగించాను. నాలుగో రోజుకు పై మర దగ్గర వెంట్రుకంత సందు కనిపించింది. వెంటనే సైకిలు దించేశాను.

కొక్కెం మీద బరువు కిందికి మాత్రమే పనిచేయదు. సైకిలు గోడకు ఎడంగా వేలాడుతుంది కాబట్టి పై మరను బయటికి కూడా లాగుతుంది. మెత్తని దిమ్మెలో ప్లగ్గు పట్టు విడిచేది అందుకే.

మెత్తని దిమ్మెలను వదిలి కాంక్రీటులో బిగించమని నా ప్రశ్నకు మీరిచ్చిన సలహా ఇక్కడ పనికొచ్చింది. తలుపు పక్కనున్న కాంక్రీటు స్తంభాన్ని ఎంచుకున్నాను. అక్కడ సుత్తి డ్రిల్లు లేకుండా పని జరగలేదు, బూడిదరంగు పొడి వచ్చింది. పై పూత దాటి కాంక్రీటులోకి 50 మిల్లీమీటర్లు దిగేలా ప్లగ్గులు వేశాను. సైకిలు ఎక్కించే ముందు 20 లీటర్ల నీళ్ల క్యాను ఒక రాత్రంతా వేలాడదీసి చూశాను. మరలు కదల్లేదు.

కొక్కేనికి రబ్బరు తొడుగు ఉంది, అది ముందు చక్రం రిమ్మును పట్టుకుంటుంది. వెనుక టైరు ఆనే చోట నల్ల మరకలు పడుతున్నాయని పాత రబ్బరు చాప ముక్క అంటించాను. రెండు నెలలైంది. వారానికోసారి మరలు తడిమి చూస్తున్నాను.