వేరుశనగ నూనెలో C18:3 అని వచ్చిన పీక్ నిజంగా అదేనా?

పల్లీగింజ

అనంతపురం వైపు గానుగలో ఆడించిన వేరుశనగ నూనె నమూనా ఒకటి మా ప్రయోగశాలకు వచ్చింది. 0.1 గ్రాము నూనెను 2 మి.లీ. హెప్టేన్‌లో కరిగించి, మిథనాల్‌లో కలిపిన 2 మోలార్ పొటాషియం హైడ్రాక్సైడ్ 0.2 మి.లీ. పోసి, ఒక నిమిషం గట్టిగా కుదిపాను. అడుగున గ్లిజరిన్ దిగాక పై పొరను తీసి జీసీలోకి పంపాను. ఓవెన్ మొదటి నుంచి చివరి దాకా 180 డిగ్రీలే, పరుగు 40 నిమిషాలు.

పామిటిక్, స్టియరిక్, ఓలిక్, లినోలిక్, బెహెనిక్ మిథైల్ ఎస్టర్లకు మా దగ్గర స్టాండర్డ్లు ఉన్నాయి కాబట్టి ఆ పీకులతో పేచీ లేదు. మిగిలిన రెండింటికి ఒక పరిశోధన పత్రంలోని పట్టిక చూసి, వచ్చిన వరుసలోనే పేర్లు పెట్టాను.

```
16.0   C16:0
20.0   C18:0
21.3   C18:1
23.9   C18:2
26.0   C18:3   1.5 %
27.7   C20:0   1.0 %
35.0   C22:0
```

వేరుశనగలో లినోలెనిక్ మామూలుగా 0.3 శాతం లోపే ఉంటుంది కదా. ఇక్కడ 1.5 ఉంది. సోయా నూనె కలిపారని రాసేయవచ్చా? ఇంకొక చిన్న సందేహం: రెండో ఇంజెక్షన్ నుంచి 4.5 నిమిషాల దగ్గర ఒక వెడల్పాటి గుట్ట వస్తోంది. మొదటి ఇంజెక్షన్‌లో అది లేదు.

సూటిమాట

ఇందులో సందేహం ఎందుకు? సోయాలో లినోలెనిక్ సుమారు 7 శాతం ఉంటుంది. 1.5ని 7తో భాగిస్తే ఇరవై శాతం పైచిలుకు కల్తీ. మనిషికి వేలిముద్ర ఎలాగో ఎస్టర్‌కు రిటెన్షన్ సమయం అలాగ. గుట్ట సంగతి అంటారా, హెప్టేన్ మురికిగా ఉండి ఉంటుంది, కొత్త సీసా తెరవండి.

కానుగచెట్టు

మేము కానుగ నూనెతో బయోడీజిల్ చేస్తాం. మీరు మిథనాల్ తక్కువ పోస్తున్నట్టున్నారు. నూనె ఒక మోలుకు మిథనాల్ కనీసం ఆరు మోలులు ఉండాలి, 60 డిగ్రీల దగ్గర గంటసేపు తిప్పాలి. ఒక్క నిమిషం కుదిపితే మార్పిడి పూర్తి కాదు. మేము హెప్టాడెకనోయిక్ మిథైల్ ఎస్టర్‌ను అంతర్గత స్టాండర్డ్‌గా వేసి ఎస్టర్ శాతం చూస్తాం. మీకు ఎంత వచ్చింది?

పాతకాలమ్

కానుగచెట్టు గారూ, మీ లెక్క డ్రమ్ములకు సరిపోతుంది. ఇక్కడున్నది చిటికెడు నూనె. 0.1 గ్రాము అంటే 0.11 మిల్లీమోలు. 0.2 మి.లీ. మిథనాల్ అంటే దాదాపు 5 మిల్లీమోలులు, మీరు అడిగిన ఆరింతలకు ఎన్నో రెట్లు ఎక్కువ. పైగా క్షారం గాఢంగా ఉంది, నూనె హెప్టేన్‌లో పలచబడి ఉంది, గట్టిగా కుదిపితే నిమిషంలో పని అయిపోతుంది. ఈమె అడుగుతున్నది ఎంత మారిందని కాదు, మారినదానికి పేరేమిటని.

పల్లీగింజ గారూ, నివేదిక రాయకండి. ముందు ఓవెన్ తలుపు తెరిచి, కాలమ్ చుట్టకు వేలాడే రేకు బిళ్ల మీద ఏముందో చదివి చెప్పండి. ఆ పరిశోధన పత్రంలో ఏ కాలమ్ వాడారో కూడా చూడండి.

తవుడుబస్తా

మధ్యలో నా గోడు ఒకటి. ముడి తవుడు నూనెకు ఇదే క్షార పద్ధతి వాడి నెలరోజులు తప్పుడు అంకెలు రాశాను. తవుడులో లైపేజ్ ఉంటుంది, మిల్లు నుంచి వచ్చిన తవుడును కొన్ని రోజులు వదిలేస్తే చాలు, నూనెలో స్వేచ్ఛా కొవ్వు ఆమ్లాలు పెరిగిపోతాయి. క్షారం గ్లిజరైడ్లనే ఎస్టర్లుగా మారుస్తుంది. స్వేచ్ఛా ఆమ్లం సబ్బుగా మారి అక్కడే కూర్చుంటుంది. నా సీసాలో రెండు పొరల మధ్య గంజిలాంటి ముద్ద కనిపించేది, దాన్ని నేను తేమ అనుకున్నాను. తరువాత మిథనాల్‌లో 2 శాతం సల్ఫ్యూరిక్ ఆమ్లంతో 70 డిగ్రీల దగ్గర రెండు గంటలు ఉంచాక ముద్ద పోయింది, అంకెలు మారాయి. మీ నూనె ఆమ్ల విలువ ఎంత?

పల్లీగింజ

ఆమ్ల విలువ 1.6. ముద్దలాంటిది ఏమీ లేదు, పై పొర నీళ్లలా తేటగా ఉంది.

కాలమ్ చూశాను. 100 మీటర్లు, 0.25 మి.మీ., సయనోప్రొపైల్ రకం. పత్రంలో ఉన్నది 30 మీటర్ల వ్యాక్స్ కాలమ్. కానీ రెండూ పోలార్ కాలమ్‌లే కదా? పొడవు పెరిగితే సమయాలు సాగుతాయి, వరుస మాత్రం అదే ఉండాలని అనుకున్నాను.

పాతకాలమ్

పట్టు దొరికింది. ఆమ్ల విలువ 1.6 అంటే స్వేచ్ఛా ఆమ్లం 0.8 శాతం చిల్లర. తవుడుబస్తా గారి బాధ మీకు లేదు.

మీ బాధ వరుస. వ్యాక్స్ కాలమ్‌లో లినోలెనిక్ ముందు వస్తుంది, అరాకిడిక్, అంటే C20:0, దాని వెనుక వస్తుంది. సయనోప్రొపైల్ పూత ద్విబంధాలను చాలా గట్టిగా పట్టుకుంటుంది. మూడు ద్విబంధాలున్న లినోలెనిక్ అక్కడ ఆలస్యమై C20:0 కంటే వెనుకబడుతుంది. ఒక్క ద్విబంధమున్న C20:1 కూడా ఆ చుట్టుపక్కలే దిగుతుంది. సాగింది సమయం ఒక్కటే కాదు, మనుషులు వరుసలో చోట్లు మార్చుకున్నారు.

నమ్మకం కుదరాలంటే కొత్త స్టాండర్డ్ కొననక్కరలేదు. వేరుశనగ నూనెలోనే కొలబద్ద ఉంది. ఓవెన్ ఒకే ఉష్ణోగ్రతలో ఉన్నప్పుడు, సంతృప్త ఎస్టర్లకు రెండేసి కార్బన్లు పెరిగినప్పుడల్లా సమయం ఒకే నిష్పత్తిలో పెరుగుతుంది. అయితే ముందుగా, ఏదీ పట్టుకోకుండా కాలమ్ దాటే సమయాన్ని తీసివేయాలి. మీ ద్రావణి పీక్ ఎప్పుడు మొదలవుతోంది?

పల్లీగింజ

8.0 దగ్గర.

పాతకాలమ్

మీథేన్‌తో చూస్తే ఇంకా కచ్చితంగా తెలుస్తుంది కానీ ఈ పనికి ఇది చాలు. తీసివేయండి. C16:0కు 8, C18:0కు 12, C22:0కు 27 మిగులుతాయి. ఎనిమిది నుంచి పన్నెండు ఒకటిన్నర రెట్లు. C20:0 ఉండాల్సింది పన్నెండుకు ఒకటిన్నర రెట్లు, అంటే 18 దగ్గర. అవతలి వైపు నుంచి సరిచూద్దాం: 18కి ఒకటిన్నర రెట్లు 27, మీ బెహెనిక్ సరిగ్గా అక్కడే ఉంది. 18కి ఆ ఎనిమిదీ తిరిగి కలిపితే 26.0.

మీరు C18:3 అని పేరు పెట్టిన పీక్ అది. అది అరాకిడిక్. 27.7 దగ్గరున్నది C20:1 కావచ్చు. వేరుశనగలో ఇవి రెండూ ఉండాల్సినవే. అసలు మీ పట్టికలో C20:1 లేకపోవడం చూసినప్పుడే నాకు అనుమానం వచ్చింది.

ఇదే లెక్కను ఇంకో మెట్టు ఎక్కించండి. C24:0 అంటే లిగ్నోసెరిక్ 27కు ఒకటిన్నర రెట్లు, 40.5. ఎనిమిది కలిపితే 48.5 నిమిషాలు. మీ పరుగు 40కే ఆగిపోతోంది. ఒక పరుగు ఆగి మరొక ఇంజెక్షన్ పడటానికి ఎంత సేపు పడుతుంది?

పల్లీగింజ

నాలుగు నిమిషాలు... అర్థమైంది! 44 పోతే 4.5. ఆ గుట్ట ముందు ఇంజెక్షన్‌లోని లిగ్నోసెరిక్!

పాతకాలమ్

అంతే. ఏదీ పట్టుకోని పదార్థానికే 8 నిమిషాలు పట్టే కాలమ్‌లో, ఆ ఇంజెక్షన్‌లో పోసినదేదీ 4.5కు బయటికి రాలేదు. హెప్టేన్ సీసా పారబోయకండి. పరుగును 55 నిమిషాలకు పెంచండి. లేకపోతే శాతాల మొత్తంలో లిగ్నోసెరిక్ లెక్కకు రాక, మిగతావన్నీ కాస్త ఉబ్బి కనిపిస్తాయి.

సూటిమాట

కాలమ్ వేరని మొదట చెప్పలేదు కాబట్టి నేను అలా అన్నాను. అయినా రిటెన్షన్ సమయం వేలిముద్రే, అదే కాలమ్ మీద అయితే.

సీసా మూత

అదే కాలమ్ మీద కూడా రెండు ఎస్టర్లు ఒకే సమయానికి రావచ్చు సూటిమాట గారూ. ఒకే వేలిముద్ర ఇద్దరికి ఉండదు కదా.

మాది చిన్న ప్రయోగశాల, ఖరీదైన మిశ్రమ స్టాండర్డ్ కొనలేం. కిరాణా కొట్టులో అవిసె గింజల నూనె కొని ఇదే పద్ధతిలో ఎస్టర్ చేస్తాం. అందులో సగానికి పైగా లినోలెనిక్ ఉంటుంది, కాబట్టి అన్నింటికంటే పెద్ద పీక్ ఏదో వెతకనక్కరలేదు. దాన్ని విడిగా ఒకసారి పంపి, తరువాత ఒక చుక్కను వేరుశనగ ఎస్టర్ సీసాలో కలిపి మళ్లీ పంపండి. ఏ పీక్ లేస్తుందో చూడండి. విడివిడిగా పంపి సమయాలు పోల్చడం కంటే ఇదే మేలు. గ్యాస్ ప్రవాహం కొద్దిగా తేడా వచ్చినా రెండూ ఒకే పరుగులో ఉంటాయి కాబట్టి మోసం జరగదు.

మాస్ డిటెక్టర్ ఉన్న చోటు పరిచయం ఉంటే ఇంకా తేలిక. 26.0 దగ్గర అణుభారం 326, పక్కన 74 పెద్దదిగా కనిపిస్తే అది C20:0. లినోలెనిక్ అయితే 292 వస్తుంది.

పల్లీగింజ

మూడు రోజుల తరువాత వస్తున్నాను. మాస్ డిటెక్టర్ దొరకలేదు. అవిసె నూనెతో చేశాను.

విడిగా పంపినప్పుడు పెద్ద పీక్ 28.3 దగ్గర వచ్చింది. వేరుశనగలో ఒక చుక్క కలిపి పంపితే 26.0 కదలలేదు, 27.7 కదలలేదు, వాటి వెనుక 28.3 దగ్గర కొత్త పీక్ నిలువుగా లేచింది. నా 1.5 శాతం "సోయా" అరాకిడిక్ అని తేలిపోయింది. పరుగు 55 నిమిషాలు చేశాక లిగ్నోసెరిక్ 48.5 దగ్గర బుద్ధిగా కూర్చుంది, గుట్ట మాయమైంది.

కానీ ఇప్పుడు పాత క్రోమటోగ్రామ్‌ను పెద్దది చేసి చూస్తే, అవిసె కలపని నూనెలో కూడా 27.7 పీక్ వెనుక 28.3 దగ్గర చిన్న భుజం ఉంది. మొదటి ఇంజెక్షన్‌లో 0.3 శాతం, మూడో దానిలో 0.2. ఇది సహజమా, కొద్దిగా సోయా ఉందా?

సూటిమాట

చూశారా, సోయా ఉంది!

పాతకాలమ్

0.2 దగ్గర కొవ్వు ఆమ్లాలు జవాబు చెప్పవు. స్వచ్ఛమైన వేరుశనగ నూనె కూడా అంత చూపగలదు, మూడు శాతం సోయా కలిపినా అంతే చూపుతుంది. పెద్ద పీక్ వెనుక భుజాన్ని కోసే గీత ఎక్కడ పెట్టారన్న దాన్ని బట్టే 0.1 అటూ ఇటూ అవుతుంది. ఆ వరుసలో వేరుశనగకు ముందు సీసా ఏది?

పల్లీగింజ

సోయా.

తవుడుబస్తా

అయ్యో.

పాతకాలమ్

అయితే సూది కడగడం సరిపోలేదేమో. ఉత్త హెప్టేన్‌ను సోయా తరువాత ఒకసారి పంపి 28.3 దగ్గర ఏమైనా లేస్తుందేమో చూడండి. లేస్తే ఆ భుజంలో కొంత వాటా సోయా సీసాది. కానీ మూడో ఇంజెక్షన్‌లో కూడా 0.2 మిగిలిందంటే అదంతా సూది పాపమేనని నేను అనలేను.

సీసా మూత

నేనైతే ఇక కొవ్వు ఆమ్లాలను వదిలేసి టోకోఫెరాల్‌లు చూస్తాను. సోయాలో డెల్టా టోకోఫెరాల్ దండిగా ఉంటుంది, వేరుశనగలో నామమాత్రం. దానికి ద్రవ క్రోమటోగ్రఫీ కావాలి, అదొక్కటే చిక్కు.

పల్లీగింజ

పక్క విభాగంలో ఉంది, అడుగుతాను. ఉత్త హెప్టేన్ మాత్రం రేపు ఉదయమే పంపుతాను. నమూనా తెచ్చినాయనకు ఇంకా ఏమీ చెప్పలేదు.

కానుగచెట్టు

అంతా బాగానే ఉంది కానీ ఎస్టర్ శాతం ఎంతో ఇప్పటికీ ఎవరూ చెప్పలేదు.