అబ్జార్బెన్స్ గ్రాఫు గీత సున్నా గుండా వెళ్లాల్సిందేనా?

ఉప్పల్_బీఎస్సీ: మా బోరు నీళ్లలో ఇనుము ఎంతుందో ఫినాంత్రోలిన్‌తో, 510 నానోమీటర్ల దగ్గర చూశాను. లీటరుకు 0, 1, 2, 3, 4 మిల్లీగ్రాముల స్టాండర్డ్‌లకు 0.021, 0.218, 0.419, 0.614, 0.813 వచ్చాయి. శాంపిల్‌కు 0.080. గీత సున్నాను తాకలేదని సార్ రికార్డు మీద సంతకం పెట్టలేదు. తాకాల్సిందేనా?

రికార్డ్‌మాస్టారు: తాకాల్సిందే. ఇనుము లేనిచోట రంగెక్కడిది? బీర్ నియమం చెప్పేది అదే.

స్కేల్_పెన్సిల్: ఎక్సెల్‌లో ఆర్ స్క్వేర్ 0.999 దాటితే చాలు, ఏ గీతైనా ఒకటే.

క్యూసీ_అక్క: ఒకటి కాదు తమ్ముడూ, లెక్క చూడు. గీతను దాని దారిన వదిలితే వాలు 0.198, మొదలు 0.021. శాంపిల్ 0.080లోంచి 0.021 తీసేసి 0.198తో భాగిస్తే 0.30. బలవంతంగా సున్నా గుండా లాగితే వాలు 0.205 అవుతుంది, జవాబు 0.39కి పోతుంది. అదే శాంపిల్ 0.614 చూపించి ఉంటే రెండు గీతలూ 3.0 దగ్గరే చెప్పేవి. దెబ్బంతా కింది కొసలోనే. నీ శాంపిల్ ఉన్నదీ అక్కడే.



రికార్డ్‌మాస్టారు: 22 ఏళ్లుగా ఈ ప్రాక్టికల్ చేయిస్తున్నాను మేడం. బ్లాంక్ సరిగ్గా పెట్టని పిల్లలు ఆ తప్పును ఇంటర్‌సెప్ట్ చాటున దాస్తారు. మీరు దానికి వత్తాసు పలుకుతున్నారు!

క్యూసీ_అక్క: వత్తాసు కాదు సార్. ఒకప్పుడు గీతను సున్నాకు లాగిన రిపోర్టు మీద నేనే సంతకం పెట్టి, బ్యాచ్ మొత్తం మళ్లీ చేయాల్సి వచ్చింది. తమ్ముడూ, మెషీన్‌ను దేంతో సున్నా చేశావు?

ఉప్పల్_బీఎస్సీ: డిస్టిల్డ్ వాటర్‌తో.

క్యూసీ_అక్క: అదీ సంగతి. బఫర్‌లో వేసే అమ్మోనియం ఎసిటేట్‌లో, మంచి గ్రేడ్‌దైనా, కొంత ఇనుము ఉంటుంది. అన్ని ఫ్లాస్కుల్లో అంతే బఫర్ పోశావు కాబట్టి అన్నింటిలో ఆ 0.021 ఉంది. శాంపిల్‌లోనూ ఉంది. దాన్ని తీసేయాలే గానీ గీతను వంచకూడదు.

రికార్డ్‌మాస్టారు: నీళ్లతో సున్నా చేశాడని ముందే చెప్పి ఉంటే ఇంత గొడవ ఉండేది కాదు. నేను రీజెంట్ బ్లాంక్‌తో చేయిస్తాను. అప్పుడు మాత్రం సున్నా గుండానే గీయాలి.

క్యూసీ_అక్క: అప్పుడైనా ఆ సున్నా కూడా ఒక రీడింగే సార్, దానికీ తప్పు ఉంటుంది. నేను లాగను.

రికార్డ్‌మాస్టారు: నేను లాగిస్తాను.

ఉప్పల్_బీఎస్సీ: శాంపిల్ కొంచెం మబ్బుగా ఉండింది అక్కా. దాని సంగతి?

క్యూసీ_అక్క: అది గ్రాఫు పట్టుకోలేదు. అదే శాంపిల్‌లో ఫినాంత్రోలిన్ తప్ప మిగతావన్నీ పోసి రీడింగ్ తీయి. వచ్చినంతా మబ్బుదే, 0.080లోంచి ముందు అది తగ్గించు. ఎంత వచ్చిందో ఇక్కడ పెట్టు.