టికెట్ రిప్లైలో ప్రతిసారీ నమస్తే పెట్టాలా?

మధురవాడలో సపోర్ట్ డెస్క్‌లో చేస్తున్నానండి. టికెట్‌లో మేం రాసేది మాకు చాట్‌లాగే కనిపిస్తుంది కానీ కస్టమర్‌కి మెయిల్‌గా వెళ్తుంది, పైన టెంప్లేటే "నమస్తే ఫలానా గారు" అని, కింద మా పేరు వేసేస్తుంది, మేమూ రాస్తే నమస్తేలు రెండు, పాత రిప్లైలు కూడా కింద వేలాడుతుంటాయి కాబట్టి నాలుగో మెయిల్‌కి దండాల దుకాణమే. టీమ్ లీడ్ గారేమో మానొద్దంటారు. మొదటి రిప్లైకే ఉంచి తర్వాత నేరుగా విషయంలోకి వెళ్తే మర్యాద తక్కువవుతుందా?

ఇంకోటి, బోల్డ్ కోసం `**రీస్టార్ట్ చేయండి**` అని కొడితే మా స్క్రీన్ మీద బాగానే ఉంది, వెళ్లిన మెయిల్ సోర్స్ తెరిస్తే `text/html` భాగంలో బోల్డ్, `text/plain` భాగంలో ఆ స్టార్ గుర్తులు అలాగే ఉన్నాయి. ప్లెయిన్‌గా చదివేవాళ్ల కోసం స్టెప్పులు విడివిడి లైన్లలో రాస్తే సరిపోతుందా, టేబుల్స్ మొత్తం మానేయాలా?