16 మంది పిల్లలు, 11 అడుగుల గది: వైడ్ యాంగిలా, ఫిక్స్‌డ్ ఫోకసా?

మూసాపేట ట్యూషన్ టీచర్:
మా గది 11 అడుగుల వెడల్పు, 14 అడుగుల పొడవు. శనివారాలు విజయవాడ నుంచి లెక్కల సారు వీడియో కాల్‌లో పాఠం చెబుతారు. బోర్డు గోడ మధ్యలో ఉన్న టీవీ మీద వెబ్‌క్యామ్ పెడితే ముందు బెంచీకి రెండు చివర్లలో కూర్చున్న పిల్లలు కనబడటం లేదు. వైడ్ యాంగిల్ కొనాలా, ఫిక్స్‌డ్ ఫోకస్ కొనాలా?

కూకట్‌పల్లి నాన్న:
ఫిక్స్‌డ్ ఫోకస్ జోలికి పోకండి. మా బాబుకి కొన్నాను. నోట్‌బుక్ కెమెరా దగ్గర పెడితే అక్షరాలన్నీ అలుక్కుపోయాయి. ఆటోఫోకస్ ఉండాల్సిందే.

కెమెరాలు బిగించే పని, సికింద్రాబాద్:
మేడమ్, ఈ రెండిట్లో ఒకటి ఎంచుకోవాల్సిన పని లేదు. ఎంత వెడల్పు పడుతుందన్నది ఒక లెక్క, ఎంత స్పష్టంగా పడుతుందన్నది ఇంకో లెక్క. ఫిక్స్‌డ్ ఫోకస్‌లో లెన్సు కదలదు. వెబ్‌క్యామ్ సెన్సర్ చిన్నది కాబట్టి రెండు మూడు అడుగుల అవతల నుంచి గది చివరి దాకా దాదాపు అంతా బాగానే పడుతుంది. పైన కూకట్‌పల్లి సారు చెప్పింది నిజమే, కానీ అది ముఖం ముందు పెట్టిన నోట్‌బుక్ సంగతి. మీ పిల్లలు అంత దగ్గర ఉండరు.

ఇక వెడల్పు. పెట్టె మీద రాసే డిగ్రీలు చాలావరకు ఐమూలగా కొలిచినవి. 78 అని ఉంటే అడ్డంగా పడేది 70 మాత్రమే. అంటే 5 అడుగుల దూరంలో 7 అడుగుల వెడల్పు వస్తుంది. 120 అయితే అదే దూరంలో 15 అడుగులు. మీ ముందు బెంచీ కెమెరాకి ఎంత దూరం? ఎంత పొడవు?

మూసాపేట ట్యూషన్ టీచర్:
దూరం నాలుగున్నర అడుగులు. పొడవు 9 అడుగులు, అటూ ఇటూ గోడకి అడుగు ఖాళీ. వెనక బెంచీ 13 అడుగుల దూరంలో ఉంది. ఇప్పుడున్నది 78దే.

కెమెరాలు బిగించే పని, సికింద్రాబాద్:
అందుకే. నాలుగున్నర అడుగుల దగ్గర దానికి ఆరడుగుల పైచిలుకే పడుతుంది. 120ది కొంటే అందరూ పడతారు. కానీ అప్పుడు వెనక బెంచీ దగ్గర ఫ్రేమ్ 39 అడుగుల వెడల్పు అవుతుంది, మీ గది 11 అడుగులే. మిగతాదంతా గోడలే. 1080పీలో ఒక్కో ముఖానికి 24 పిక్సెళ్లు మిగులుతాయి. కాల్‌లో క్వాలిటీ తగ్గితే ఇంకా తక్కువ. నవ్వుతున్నాడో ఆవలిస్తున్నాడో సారుకి తెలియదు.

కొనే ముందు మీ కెమెరానే బోర్డు గోడ మూలలో, ఆరున్నర అడుగుల ఎత్తున పెట్టి, కొంచెం కిందికి వంచి చూడండి. అక్కడి నుంచి పిల్లలందరూ 62 డిగ్రీల లోపలే ఉంటారు, మీ దానికి 70 ఉంది. ఎదురు మూల చివర కూర్చున్న పిల్లవాడు 16 అడుగుల దూరంలో ఉన్నా ముఖానికి 40 పిక్సెళ్లు దాటతాయి.

వీణ నేర్పే అమ్మ, సైనిక్‌పురి:
నా అనుభవం చెబుతాను. నా దగ్గర ఆటోఫోకస్ కెమెరా ఉంది. నేను వీణ మీద చెయ్యి జరిపినప్పుడల్లా బొమ్మ ఒక్క క్షణం మసకబారి మళ్లీ తేరుకుంటుంది. నేర్చుకునే అమ్మాయి సరిగ్గా ఆ గమకమే చూడలేకపోతోంది. కదిలే పిల్లలున్న గదికి ఫిక్స్‌డే నయం. అయినా పాఠం చెప్పే సారు బాగా కనబడాలి గానీ పిల్లలంతా ఎందుకు?

మూసాపేట ట్యూషన్ టీచర్:
సారు మాకు టీవీలో బాగానే కనబడతారమ్మా. అర్థంకాని పిల్లలు చెయ్యెత్తరు, ముఖం చూసే ఆయన కనిపెడతారు. అందుకే అందరూ కనబడాలి.

నిన్న మూలలో పెట్టి చూశాను. 16 మందీ వచ్చారు! ఎదురు మూలలో కూర్చునే బాబు పెన్ను కొరకడం కూడా కనబడింది. కానీ కేబుల్ ల్యాప్‌టాప్ దాకా చాలలేదు. ఎక్స్‌టెన్షన్ వేస్తే కాల్ మధ్యలో కెమెరా రెండుసార్లు ఆగిపోయింది.

కెమెరాలు బిగించే పని, సికింద్రాబాద్:
మామూలు యూఎస్‌బీ వైరు మొత్తం కలిపి 5 మీటర్లు దాటకూడదు. అతుకులు ఎక్కువైనా, వైరు నాసిరకమైనా ఆగిపోతుంది. ల్యాప్‌టాప్‌నే మూల దగ్గరికి జరపండి, టీవీకి హెచ్‌డీఎంఐ వైరు పొడవైనది వేసుకోండి. తప్పదంటే సికింద్రాబాద్ కంప్యూటర్ మార్కెట్ సీటీసీలో యాక్టివ్ ఎక్స్‌టెన్షన్ అని అడగండి.

కూకట్‌పల్లి నాన్న:
ఫోకస్ విషయంలో ఒప్పుకుంటాను. మూల మాత్రం నాకు నచ్చలేదు. పిల్లలు టీవీలో సారుని చూస్తుంటే సారుకి వాళ్ల చెంపలే కనబడతాయి. ముఖం చూసి కనిపెట్టాలంటే ఎదురుగానే ఉండాలి కదా! మధ్యలో 90ది పెట్టి, బెంచీలన్నీ అడుగు వెనక్కి జరపండి.

కెమెరాలు బిగించే పని, సికింద్రాబాద్:
చెంపల మాట నిజమే, కాదనను. అడుగు జరిపితే 90దానికి తొమ్మిదిన్నర అడుగులు పడుతుంది, ముందు బెంచీ సరిపోతుంది. కానీ 14 అడుగుల గదిలో వెనక బెంచీ 13 దగ్గరే ఉంది, జరగడానికి చోటేదండీ?

మూసాపేట ట్యూషన్ టీచర్:
వెనక బెంచీ గోడకి ఆనే ఉంది. మధ్య బెంచీల ఎడం తగ్గుతుందేమో రేపు కొలుస్తాను. ఈ శనివారానికి మూలలోనే ఉంచి, చెంపలు చూసి పోల్చుకోగలరో లేదో సారునే అడుగుతాను.